పోగులు పొట్టివి కావు, కండరం పొట్టిదవుతుంది

అందరికీ నమస్కారం. మాట మొదలుపెట్టే ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. కుడి చేయి ముందుకు చాపి, మణికట్టు తిన్నగా ఉంచి, పిడికిలి బలంగా బిగించండి. ఎంత బలం వస్తోందో గమనించండి. సరే, వదిలేయండి. ఇప్పుడు మణికట్టును లోపలికి పూర్తిగా వంచండి, అరచేయి ముంజేతి వైపు చూసేలా. అలా వంచి ఉంచే మళ్లీ పిడికిలి బిగించండి. చూశారా, వేళ్లు సరిగా ముడుచుకోవడమే కష్టంగా ఉంది. చేతిలో ఒక పెన్ను ఉంటే పక్కవాళ్లు తేలిగ్గా లాగేసుకోగలరు.

కండరాలు అవే, నరాలు అవే. మీ ప్రయత్నం కూడా తగ్గలేదు. మారింది ఒక్కటే. వేళ్లను ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి, వాటిని ఎముకలకు కలిపే తాళ్లలాంటి టెండన్లు మణికట్టు మీదుగా వేళ్ల దాకా వెళ్తాయి. మణికట్టు లోపలికి వంచగానే ఆ కండరాలు బిగించడం మొదలుపెట్టకముందే పొట్టిగా అయిపోయాయి. చేతి వెనక వైపు టెండన్లు బిగుసుకుని అడ్డుపడటం కూడా ఇందులో కొంత ఉంది, దాన్ని కాదనను. కానీ అసలు విషయం కండరం పొడవు. ఒకే కండరం ఒక పొడవు దగ్గర బలంగా, ఇంకో పొడవు దగ్గర బలహీనంగా ఎందుకు లాగుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే కండరం ఎలా పనిచేస్తుందో దాదాపు మొత్తం తెలుస్తుంది. అందుకే ఈ గంటసేపూ దీన్నే పట్టుకుని ఉంటాను.

మాటల విషయంలో ఒక చిన్న ఒప్పందం చేసుకుందాం. కండరంలో పొడవాటి దారాల్లా ఉండేవాటిని కండర కణాలు అంటాను. ఆ కణం లోపల ఇంకా సన్నగా, మామూలు మైక్రోస్కోపుకు విడిగా కనిపించనంత సన్నగా ఉండే ప్రొటీన్ దారాలను పోగులు అంటాను. పోగులు రెండు రకాలు. మందపు పోగులు మయోసిన్‌తో, సన్న పోగులు ప్రధానంగా ఆక్టిన్‌తో తయారవుతాయి.

కండర కణాన్ని మైక్రోస్కోపు కింద పెడితే ఒక నల్ల పట్టీ, ఒక తెల్ల పట్టీ, మళ్లీ నల్లది, మళ్లీ తెల్లది, అలా చివరిదాకా కనిపిస్తాయి. నల్ల పట్టీని ఇంగ్లీషు అక్షరం పేరుతో ‘ఏ’ పట్టీ అంటారు, మందపు పోగులు ఉన్న చోటు అదే. తెల్లది ఐ పట్టీ, అక్కడ సన్న పోగులే ఉంటాయి. ఐ పట్టీ సరిగ్గా మధ్యలో ఒక సన్నని గీత ఉంటుంది, దాని పేరు జెడ్ గీత. సన్న పోగులు ఒక చివర ఆ గీతకు అతుక్కుని ఉంటాయి. ఒక జెడ్ గీత నుంచి తరువాతి జెడ్ గీత దాకా ఉన్న గది పేరు సార్కోమియర్. ఆ గదికి రెండు గోడల నుంచీ సన్న పోగులు లోపలికి చాచుకుని ఉంటాయి. గది మధ్యలో మందపు పోగులు ఉంటాయి. సన్న పోగుల కొసలు మందపు పోగుల మధ్య సందుల్లోకి కొంత దూరం దూరి ఉంటాయి. రెండు చేతుల వేళ్లను ఎదురెదురుగా పెట్టి కొద్దిగా చొప్పించండి. నా చేతులు చూడండి, ఇలాగ.

1950ల మొదట్లో చాలామంది శాస్త్రవేత్తలు అనుకున్నది వేరు. కండరం పొట్టిదవుతోందంటే లోపలి ప్రొటీన్ దారాలే ముడుచుకుపోతున్నాయని అనుకున్నారు. అలా అనుకోవడంలో వింతేమీ లేదు. పొడవాటి అణువులు చుట్టుకోగలవు, మడతపడగలవు అని అప్పటికే తెలుసు. 1954 మే నెలలో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు వ్యాసాలు వేసింది. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడెర్‌గెర్కే రాసింది. రెండోది హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ రాసింది. ఇద్దరు హక్స్‌లీలూ బంధువులు కారు, పేరు కలిసిందంతే. ఒక జట్టు సజీవమైన కప్ప కండర కణాలను చూసింది. మరో జట్టు కండరం నుంచి విడదీసిన ఇంకా సన్నని తునకలను చూసింది. దారులు వేరైనా ఇద్దరికీ కనిపించింది ఒకటే. కండరం పొట్టిదవుతున్నప్పుడు నల్లగా ఉండే ‘ఏ’ పట్టీ వెడల్పు మారలేదు. ఐ పట్టీ మాత్రం ఇరుకవుతూ వచ్చింది.

ఇందులో ఎంత అర్థం ఉందో ఒక్క క్షణం ఆగి చూద్దాం. పోగులే ముడుచుకుపోతుంటే ‘ఏ’ పట్టీ కూడా చిన్నదవ్వాలి, ఎందుకంటే దాని వెడల్పు అంటే మందపు పోగు పొడవే. అది మారలేదంటే మందపు పోగు పొడవు మారలేదు. ‘ఏ’ పట్టీ మధ్యలో సన్న పోగులు చేరని కొంచెం లేత భాగం ఒకటి ఉంటుంది, అది కూడా ఐ పట్టీతో పాటే ఇరుకైంది. అంటే సన్న పోగుల పొడవు కూడా మారలేదు, అవి కొసలు ముందుకు పెట్టి లోపలికి జరిగాయంతే. రెండు రకాల పోగులూ అలాగే ఉండి, ఒకదాని పక్క నుంచి ఒకటి జారాయి. గది గోడలు దగ్గరయ్యాయి. జారుడు తంతువుల సిద్ధాంతం అని పుస్తకాల్లో చదివేది ఇదే. ‘ఏ’ పట్టీ మారదన్న సంగతి 19వ శతాబ్దంలోనే కొందరు మైక్రోస్కోపులో గమనించి రాశారు. తరువాత వచ్చినవాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. నాకు ఇది ఎప్పుడూ బాధ కలిగించే విషయం. సరైన పరిశీలన అన్నేళ్లు అలా పడి ఉంది.

అయితే జారడం వేరు, లాగడం వేరు. పోగులు జారుతున్నాయని తెలిసింది, వాటిని లాగేది ఎవరు? మందపు పోగు పక్కల నుంచి మయోసిన్ అణువుల తలలు బయటికి పొడుచుకుని ఉంటాయి. ఒక మందపు పోగుకు ఒక్కో సగంలో సుమారు 300 తలలు. పోగు సరిగ్గా మధ్యలో మాత్రం కొంత దూరం తలలు ఉండవు, ఖాళీ. ఒక్కో తల పక్కనున్న ఆక్టిన్ పోగును పట్టుకుని, మెడ వంచి, గది మధ్య వైపు కొద్దిగా నెట్టి, వదిలేసి, మళ్లీ ఇంకో చోట పట్టుకుంటుంది. ఒకసారి వంగితే జరిగే దూరం సుమారు 5 నుంచి 10 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు.

ఈ బొమ్మ నిజమైతే ఒక జోస్యం చెప్పొచ్చు. బలం పుట్టేది తలల దగ్గరే కాబట్టి, ఎన్ని తలల ఎదురుగా ఆక్టిన్ పోగు ఉంటే అంత బలం రావాలి. పోగులు ఒకదానిమీద ఒకటి ఎంత మేర కలిసి ఉన్నాయో దానికి సరిగ్గా తగ్గట్టు బలం పెరగాలి, తగ్గాలి. సిద్ధాంతం నిజంగా పరీక్షకు నిలబడింది ఇక్కడే. 1966లో గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ ముగ్గురూ కలిసి చేసిన ప్రయోగం గురించి కాస్త నిదానంగా చెప్తాను.

వాళ్లు కప్ప కాలి కండరం నుంచి ఒకే ఒక్క కణాన్ని బతికి ఉండగా విడదీశారు. దాన్ని వేర్వేరు పొడవులకు సాగదీసి, ఒక్కో పొడవు దగ్గర కరెంటుతో ఉత్తేజపరిచి, ఎంత బలంతో లాగుతుందో కొలిచారు. వినడానికి సులువు. కానీ ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కణం రెండు చివర్లూ కట్టేసి ఉంచినా లోపలి సార్కోమియర్లు కదలకుండా ఉండవు. కణం కొసల దగ్గర సార్కోమియర్లు మధ్యలో వాటికన్నా పొట్టిగా ఉంటాయి, అంటే వాటిలో పోగులు ఎక్కువగా కలిసి ఉంటాయి, వాటికి బలం ఎక్కువ. ఉత్తేజం రాగానే కొసలవి ముడుచుకుని మధ్యవాటిని సాగదీస్తాయి. బలం నెమ్మదిగా పాకుతూ పెరుగుతుంది. బయట నుంచి కొలిచేవాళ్లకు కణం మొత్తం పొడవు మారలేదని కనిపిస్తుంది, కాబట్టి వచ్చిన అంకెను నమ్మేస్తారు. అంతకుముందు చాలా కొలతలు ఇలాగే చెడిపోయాయి. బాగా సాగిన కణం కూడా బోలెడు బలం ఇస్తోందని అనిపించేది. వీళ్లు కణం మధ్యభాగంలో రెండు గుర్తులు అతికించి, ఆ గుర్తుల మధ్య దూరాన్ని కాంతితో కనిపెట్టే పరికరం పెట్టి, ఆ దూరం మారబోతే వెంటనే కణాన్ని లాగి లేదా వదిలి సరిచేసే మోటారుకు కలిపారు. మధ్యభాగం నిజంగా కదలకుండా ఉన్నప్పుడు ఎంత బలం వస్తుందో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అంకెలతో నడుద్దాం, నాలుగైదు చాలు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కప్పలో మందపు పోగు పొడవు సుమారు 1.6 మైక్రాన్లు. దాని మధ్యలో తలలు లేని ఖాళీ సుమారు 0.2. మిగిలినది రెండు సగాలు, ఒక్కోటి 0.7. జెడ్ గీతకు రెండు పక్కలా ఉన్న సన్న పోగుల జంట, గీతతో కలిపి, సుమారు 2.05.

సార్కోమియర్‌ను 3.65 మైక్రాన్లకు సాగదీశారనుకోండి. 1.6, 2.05 కలిపితే వచ్చేది అదే. అంటే సన్న పోగుల కొసలు మందపు పోగు కొసలను తాకీ తాకనట్టు ఉంటాయి. ఒక్క తలకూ ఎదురుగా ఆక్టిన్ లేదు. కొలిస్తే బలం సున్నా. కణం బతికే ఉంది, ఉత్తేజం అందుతూనే ఉంది, లోపల అంతా సిద్ధంగానే ఉంది, కానీ పట్టుకోవడానికి ఏమీ లేదు.

అక్కడి నుంచి 2.95కి తెద్దాం. 0.7 మైక్రాన్లు తగ్గింది, రెండు పక్కలా చెరి సగం, అంటే ఒక్కో పక్క సన్న పోగు 0.35 లోపలికి వచ్చింది. తలలున్న భాగం 0.7, అందులో 0.35 అంటే సగం తలలకు ఆక్టిన్ అందుతోంది. బలం కూడా గరిష్ఠంలో దాదాపు సగం వచ్చింది. ఇంకా తగ్గించి 2.25కి వస్తే ఒక్కో పక్క 0.7 నిండింది, అన్ని తలలకూ జోడీ దొరికింది, పూర్తి బలం. 3.65 నుంచి 2.25 దాకా గ్రాఫులో ఒక తిన్నని గీత వచ్చింది.

నాకు ఇంతకన్నా నచ్చేది తరువాతి ముక్క. 2.25 నుంచి 2.05 దాకా ఇంకా పొట్టి చేస్తే ఏమవ్వాలి? సన్న పోగులు ఇంకా లోపలికి వస్తాయి, కానీ వచ్చేది తలలు లేని ఖాళీ ప్రాంతంలోకి. కొత్తగా ఒక్క తల కూడా చేరదు. కాబట్టి బలం పెరగకూడదు, తగ్గకూడదు. ప్రయోగంలో కూడా సరిగ్గా అక్కడ గ్రాఫు చదునుగా వచ్చింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించే ఆ చిన్న ఖాళీ, బలం కొలిచే పరికరంలో చదునైన గీతగా బయటపడింది. ఈ ఒక్క సరిపోలిక నాకు మిగతా అన్ని ఆధారాలకన్నా గట్టిగా అనిపిస్తుంది.

2.05 దాటి ఇంకా పొట్టి చేస్తే బలం తగ్గడం మొదలవుతుంది. ఆ పొడవు దగ్గర ఎదురెదురు సన్న పోగుల కొసలు మధ్యలో ఒకదాన్నొకటి చేరతాయి, ఆపైన ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. అవతలి సగంలోకి వెళ్లిన పోగు తలలకు తప్పు దిశలో ఉంటుంది, దారిలో అడ్డం కూడా అవుతుంది. సుమారు 1.65 దగ్గర మందపు పోగుల కొసలే జెడ్ గీతలను గుద్దుకుంటాయి. అక్కడి నుంచి బలం ఇంకా వేగంగా పడిపోయి, 1.27 దగ్గర సున్నా అవుతుంది. ఈ పొట్టి వైపు కారణాలు సాగిన వైపంత శుభ్రంగా లేవు. పోగులు అడ్డుపడటం కొంత, చాలా పొట్టిగా ఉన్న కణంలో ఉత్తేజం లోపలిదాకా సరిగా అందకపోవడం కొంత, రెండూ కలిసి ఉంటాయి. మనం మణికట్టు వంచి పిడికిలి బిగించినప్పుడు ముంజేతి కండరం వెళ్లింది ఈ పొట్టి వైపుకే. మనిషిలో సన్న పోగులు కప్పకన్నా పొడవు, అందుకని మన సార్కోమియర్‌కు పూర్తి బలం వచ్చే పొడవు సుమారు 2.6 నుంచి 2.8 మైక్రాన్లు. గ్రాఫు కుడికి జరుగుతుంది, ఆకారం మాత్రం అదే.

ఇంత చిన్న గదుల్లో జరిగేది చేయి కదిలేంత పెద్దది ఎలా అవుతుంది? ఒక లెక్క చేద్దాం. 10 సెంటీమీటర్ల పొడవున్న కండర కణం తీసుకోండి, ఒక్కో సార్కోమియర్ 2.5 మైక్రాన్లు. అంటే చివరి నుంచి చివరికి 40,000 సార్కోమియర్లు వరసగా ఉంటాయి. ఒక్కోటి అర మైక్రాన్ పొట్టిదైతే మొత్తం 20,000 మైక్రాన్లు, అంటే 2 సెంటీమీటర్లు. ఆ అర మైక్రాన్‌లో ఒక్కో సగం వంతు 250 నానోమీటర్లు. తల ఒకసారి వంగితే ఎక్కువలో ఎక్కువ 10 నానోమీటర్లే. ఒక్క వంపుతో పని అవ్వదు. తలలు విడివిడిగా, ఒకదానితో ఒకటి అడుగు కలపకుండా, పట్టుకుంటూ వదులుతూ పోతేనే 250 పూర్తవుతుంది. అన్నీ ఒకేసారి వదిలేస్తే పోగు వెనక్కి జారిపోతుంది. కొన్ని వదిలిన క్షణంలో మిగతావి పట్టుకుని ఉండటం వల్లే పట్టు నిలుస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరపాటు పడతారు. 40,000 గదులు వరసగా ఉంటే బలం కూడా 40,000 రెట్లు వస్తుందనుకుంటారు. గొలుసును గుర్తు తెచ్చుకోండి. గొలుసు ఎంత పొడవున్నా ప్రతి కడియం మీదా అదే లాగుడు ఉంటుంది. వరసగా ఉన్న సార్కోమియర్లు దూరాన్నీ వేగాన్నీ కలుపుతాయి. బలం కలవాలంటే పక్కపక్కన ఉండాలి. అందుకే బరువులు ఎత్తే వ్యాయామంతో కండరం లావవుతుంది. కణం లోపల పక్కపక్కన పోగులు పెరుగుతాయి.

తల వదలడం అన్నాను, అది ఎలా జరుగుతుందో చెప్పకుండా వదిలేస్తే తప్పు. కణాలకు శక్తినిచ్చే అణువు ఏటీపీ. ఆ పేరు అనగానే మనకు శక్తి గుర్తొస్తుంది, అందుకని ఏటీపీ ఉంటే కండరం బిగుస్తుంది, అయిపోతే వదులవుతుందని చాలామంది అనుకుంటారు. తల దగ్గర జరిగేది చూస్తే వేరు. వంగడం పూర్తయిన తల ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. కొత్త ఏటీపీ అణువు ఒకటి వచ్చి తలలో కూర్చుంటేనే ఆ పట్టు సడలుతుంది. తరువాత తల ఆ ఏటీపీని విడగొట్టి, ఆ శక్తితో మళ్లీ లేచి నిలబడి, ఆక్టిన్‌ను ఇంకో చోట పట్టుకుంటుంది. విడిపోయిన ఫాస్ఫేటు బయటికి వెళ్లే దశతో ముడిపడి బలమైన వంపు వస్తుంది. ఆ తరువాత ఏటీపీలో మిగిలిన భాగం, అంటే ఏడీపీ కూడా వెళ్లిపోతే తల మళ్లీ బిగిసిపోయి, ఇంకో ఏటీపీ కోసం ఎదురుచూస్తుంది. మరణం తరువాత కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడం ఇందుకే. ఏటీపీ తయారవడం ఆగిపోతుంది, పట్టుకున్న తలలను విడిపించేది ఉండదు. చాలా గంటల తరువాత ప్రొటీన్లే చెడిపోవడం మొదలైతే గానీ ఆ బిగుతు పోదు.

బతికున్న కండరంలో ఏటీపీ ఎప్పుడూ ఉంటుంది కదా, మరి ఎప్పుడూ లాగుతూ ఉండదెందుకు అంటే, ఆక్టిన్ మీద తలలు పట్టుకునే చోట్లను ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ కప్పి ఉంచుతుంది. నరం సంకేతం వస్తే కణంలోకి కాల్షియం విడుదలవుతుంది, అది ట్రోపోమయోసిన్‌తో కలిసి ఉండే ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, కప్పు పక్కకు జరుగుతుంది. కాల్షియంను మళ్లీ పంపు చేసి దాచేశాక కండరం వదులవుతుంది. ఈ భాగం దానికదే ఒక ప్రసంగం అవుతుంది కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

ఈ సిద్ధాంతం చెప్పలేనిది కూడా చెప్పాలి. లాగుతున్న కండరాన్ని బయట నుంచి బలవంతంగా సాగదీసి, కొత్త పొడవు దగ్గర ఆపి కొలిస్తే, నేరుగా ఆ పొడవు దగ్గరే ఉత్తేజపరిచిన దానికన్నా ఎక్కువ బలం వస్తుంది, అది చాలాసేపు నిలుస్తుంది కూడా. పోగులు కలిసిన మేర రెండుసార్లూ ఒకటే, అయినా బలం వేరు. తలలు, కలయిక, ఈ రెండింటితోనే లెక్క వేస్తే ఇది రాదు. జెడ్ గీత నుంచి మందపు పోగు మధ్యదాకా స్ప్రింగులా సాగి ఉండే టైటిన్ అనే మూడో ప్రొటీన్‌కు ఇందులో పాత్ర ఉందని ఈ రంగంలో చాలామంది భావిస్తున్నారు. వాదన ఇంకా నడుస్తోంది.

ముందు వరసలో ఒకరు చెయ్యెత్తారు. ప్రశ్న అందరికీ వినిపించేలా నేనే మళ్లీ చెప్తాను. బరువైన సంచి పట్టుకుని కదలకుండా నిలబడితే కండరం పొట్టిదవ్వడం లేదు, అంటే జారడం లేదు, మరి చేయి ఎందుకు నొప్పి పుడుతుంది, ఎందుకు అలసిపోతాం అని అడుగుతున్నారు.

చాలా మంచి ప్రశ్న. బరువు ఎత్తిన మొదటి క్షణంలో కొంచెం జారడం ఉంటుంది, టెండన్లు సాగేంత వరకు. తరువాత పోగులు దాదాపు ఆగిపోతాయి. కానీ తలలు ఆగవు. ఒక తల పట్టుకుని వంగబోతుంది, పోగు కదలదు, ఆ లాగుడు తల మెడలో స్ప్రింగు సాగినట్టు నిలుస్తుంది. ఆ స్ప్రింగే మీ చేయి మోస్తున్న బలం. కాసేపటికి ఆ తల ఏటీపీని తీసుకుని వదిలేస్తుంది, పక్కది పట్టుకుంటుంది, ఇది వదిలితే ఇంకోటి. పట్టిన ప్రతిసారీ ఒక ఏటీపీ ఖర్చు. సంచి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి వెళ్లలేదు, భౌతికశాస్త్రం లెక్కలో సంచి మీద జరిగిన పని సున్నా, కానీ ఖర్చైన ఏటీపీ అంతా వేడిగా మారుతోంది. టేబుల్ మీద పెట్టిన సంచిని టేబుల్ ఎంతసేపైనా ఖర్చు లేకుండా మోస్తుంది. మన కండరం అలా మోయలేదు, ఎందుకంటే దాని ఒక్కో పట్టు క్షణంలో కొంత భాగమే నిలుస్తుంది. ఇప్పుడే అక్కడ కూర్చుని చేయి చాపి, ఆ నీళ్ల సీసాను రెండు నిమిషాలు కదలకుండా పట్టుకుని చూడండి. ఈలోగా తరువాతి ప్రశ్న తీసుకుంటాను.